టీబీ మందులు వాడేటప్పుడు: ఎర్రటి మూత్రం, లివర్ ఇబ్బంది, కాళ్ల తిమ్మిర్లు - ఏది ఎప్పుడు చెప్పాలి

టీబీ మందులు మొదలుపెట్టిన మొదటి రోజే చాలామందిని కంగారు పెట్టేది మూత్రం రంగు. మధ్యాహ్నానికల్లా ఎర్రగానో, నారింజ రంగులోనో వస్తుంది. రక్తం పోతోందని భయపడి మందులు ఆపేసినవాళ్లూ ఉన్నారు. అయితే ఆ రంగుకి భయపడాల్సిన పని లేదు. ఐదారు వారాల తర్వాత, ఎర్ర మూత్రం అలవాటైపోయాక, అదే మూత్రం ఇంకో రకంగా మారినప్పుడు ఎవరూ పట్టించుకోరు. ప్రమాదం అక్కడే ఉంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రెండు రంగుల తేడా గురించే. ఆ తర్వాత కాళ్ల తిమ్మిర్ల గురించి, చివర్లో ఎవరికి ఏమని చెప్పాలో చూద్దాం.

ఇక్కడ చెప్పేదంతా మామూలు టీబీకి ప్రభుత్వ కార్యక్రమంలో ఇచ్చే ఆరు నెలల కోర్సు గురించి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇతంబ్యుటాల్. తర్వాతి నాలుగు నెలల్లో పైరజినమైడ్ తీసేస్తారు, మిగతా మూడూ కొనసాగుతాయి. ఇవన్నీ ఒకే మాత్రలో కలిపి ఉంటాయి. బరువును బట్టి రోజుకి ఎన్ని మాత్రలో చెబుతారు. మందులకు లొంగని టీబీకి వాడే కోర్సు వేరు. అందులో లైనజోలిడ్ లాంటి మందు ఉంటే తిమ్మిర్లు, చూపు మసకబారడం లాంటివి కనబడిన రోజే చెప్పాలి, కింద రాసిన గడువులు దానికి వర్తించవు.

మొదటి మెట్టు: మాత్ర వేసుకోక ముందే చెప్పాల్సినవి

మందులు ఇచ్చే రోజు బరువు చూస్తారు, షుగర్, హెచ్ఐవీ పరీక్షలు చేస్తారు. లివర్ పరీక్ష కూడా చేశారా అని అడగండి. దాన్నే ఎల్ఎఫ్‌టీ అంటారు. చేయకపోతే చేయించమనండి. ఆ కాగితం ఇంట్లో దాచుకోండి. రేపు ఎప్పుడైనా తేడా వస్తే, మందులకు ముందు లివర్ ఎలా ఉండేదో తెలియకపోతే డాక్టర్‌కి సగం సమాచారం లేనట్టే.

మందు తాగే అలవాటు ఉంటే దాచకండి. "అప్పుడప్పుడు" అనకండి, రోజుకి ఎంత అన్నది చెప్పండి. కల్లు కూడా అందులోకే వస్తుంది. ఇంతకుముందు కామెర్లు వచ్చాయా, హెపటైటిస్ బీ గానీ సీ గానీ ఉందా, గర్భం ఉందా, కిడ్నీ సమస్య ఉందా అన్నవీ చెప్పాలి.

ఇప్పటికే వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. రిఫాంపిసిన్ లివర్‌ని ఉరుకులు పెట్టిస్తుంది, దాంతో వేరే మందులు ఒంట్లో నిలవకుండా త్వరగా విరిగిపోతాయి. గర్భనిరోధక మాత్రలు పనిచేయకుండా పోవచ్చు కాబట్టి కోర్సు నడిచినన్నాళ్లూ కాపర్-టీ గానీ కండోమ్ గానీ అవసరం. కొన్ని షుగర్ మాత్రలు, రక్తం పలచబరిచే వార్ఫరిన్, మూర్ఛ మందులు, హెచ్ఐవీ మందులు, వీటి మోతాదు డాక్టర్ మళ్లీ చూసుకోవాలి. ఈ సంగతి బయటికి ఏ లక్షణమూ లేకుండా నడిచిపోతుంది. నా దృష్టిలో ఎర్ర మూత్రం కన్నా ముందుగా చెప్పాల్సింది ఇదే, కానీ దీని గురించి అడిగేవాళ్లు తక్కువ.

రెండో మెట్టు: మామూలు ఎరుపుని గుర్తుపట్టడం

మూత్రానికి ఆ రంగు రిఫాంపిసిన్ వల్ల వస్తుంది. మందుకే ఎర్రటి రంగు ఉంది. ఒంట్లోంచి బయటికి పోయేటప్పుడు మూత్రంతో పాటు చెమట, కన్నీళ్లు, లాలాజలం కూడా కాస్త రంగు తేలతాయి. తెల్ల బనియన్ చంకల దగ్గర మరకపడొచ్చు. మెత్తటి కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు కోర్సు అయ్యేదాకా కళ్లజోడుకి మారడం మంచిది, లెన్స్‌కి పట్టిన రంగు పోదు.

ఈ ఎరుపుకి ఒక గడియారం ఉంది. ఉదయం 8 గంటలకి మాత్రలు వేసుకుంటే కాసేపటికే రంగు మొదలై, కొన్ని గంటలు బాగా కనబడి, సాయంత్రానికి తగ్గుతూ వస్తుంది. మర్నాడు పొద్దున్నే, మాత్ర వేసుకోక ముందు పోసిన మూత్రం బాగా తేటగా ఉంటుంది. ఒంట్లో నొప్పీ మంటా ఉండవు, ఆకలి మామూలుగానే ఉంటుంది, కళ్లు తెల్లగానే ఉంటాయి. ఇలా ఉంటే చేయాల్సింది ఏమీ లేదు. ఇంట్లోవాళ్లకి, ముఖ్యంగా పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, అంతే.

మూత్రంలో గడ్డలు కనబడటం, పోసేటప్పుడు మంట, ఒంటిమీద కందినట్టు ఎర్రటి చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం బాగా తగ్గిపోవడం లాంటివి మాత్రం రంగు ఖాతాలో వేయకండి. వాటికి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మూడో మెట్టు: ఎరుపు వెనక దాక్కునే పసుపు

లివర్‌ని ఇబ్బంది పెట్టేవి నాలుగింట్లో మూడు: పైరజినమైడ్, ఐసోనియజిడ్, రిఫాంపిసిన్. ఇతంబ్యుటాల్‌తో ఆ భయం చాలా తక్కువ. ఈ ఇబ్బంది ఎక్కువగా మొదటి రెండు నెలల్లో బయటపడుతుంది, తర్వాత రాదని కాదు. కొంతమందికి రక్తపరీక్షలో ఎంజైములు కొంచెం పెరిగి, మందులు ఆపకుండానే వాటంతట అవే తగ్గిపోతాయి. కాబట్టి రిపోర్టులో ఒక అంకె పక్కన నక్షత్రం గుర్తు కనబడగానే మాత్రలు పారేయకూడదు.

లివర్ నిజంగా దెబ్బతింటున్నప్పుడు కామెర్లు మొదట రావు. అవి చివర్లో వస్తాయి. అంతకు కొన్ని రోజుల ముందే ఆకలి చచ్చిపోతుంది. తాలింపు వాసన తగిలితే కడుపులో తిప్పుతుంది. బీడీ తాగేవాళ్లకి బీడీ మీద కూడా మనసు పోదు. విపరీతమైన నీరసం, వికారం, వాంతులు, కుడివైపు పక్కటెముకల కింద బరువుగా ఉండటం కనబడతాయి. తర్వాతే మూత్రం ముదురు రంగులోకి, కళ్లు పసుపులోకి మారతాయి.

చిక్కేమిటంటే, మాత్రలు వేసుకున్న మొదటి వారంలో వికారం చాలామందికి ఉంటుంది. దాన్నీ దీన్నీ ఎలా విడదీయాలి? మాత్రల వల్ల వచ్చే మామూలు వికారం మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో వచ్చి పోతుంది, మధ్యాహ్నం భోజనం సహిస్తుంది. కొద్దిగా ఇడ్లీయో అన్నమో తిని మాత్రలు వేసుకుంటే చాలామందికి తగ్గుతుంది. గ్యాస్ మందు వాడాల్సి వస్తే డాక్టర్‌ని అడిగి, మాత్రలకీ దానికీ రెండు గంటలు తేడా పెట్టండి. లివర్ వల్ల వచ్చే వికారానికి ఇలా వేళలుండవు. రోజంతా ఉంటుంది, రోజురోజుకీ పెరుగుతుంది, ముఖ్యంగా కొన్ని వారాలు హాయిగా గడిచాక కొత్తగా మొదలవుతుంది. ఆ "కొత్తగా" అన్నదే గుర్తు.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు రెండే. ఒకటి, పొద్దున్న మాత్ర వేసుకోక ముందు పోసిన మొదటి మూత్రాన్ని చూడటం. అదీ టీ డికాక్షన్‌లా ముదురుగా ఉంటే, దాన్ని రిఫాంపిసిన్ మీదకి నెట్టేయకండి. రెండు, వారానికి ఒకటి రెండుసార్లు పగటి వెలుతురులో, కిటికీ దగ్గర నిలబడి, కింది రెప్ప కిందికి లాగి కంటి తెల్లభాగాన్ని ఇంకొకరితో చూపించుకోవడం. బల్బు వెలుగులో చూస్తే పసుపు తెలియదు. ఈ రెండూ బాగున్నా ఆకలి పోయి వాంతులు మొదలైతే ఆగకూడదు, ఎందుకంటే కామెర్లు కనబడేదాకా చూడటమంటే ఆలస్యం చేయడమే.

వాంతులు ఆగకుండా, ఆకలి లేకుండా ఉన్నా, మూత్రం పొద్దున్నే ముదురుగా ఉన్నా, కళ్లు పచ్చబడినా, ఆ రోజు మాత్రలు వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. "సొంతంగా మందులు ఆపకూడదు" అని అందరూ చెబుతారు కదా అంటే, నిజమే. ఇలాంటి ప్రమాద సందర్భాల్లో మాత్రం ఆ రోజు మాత్ర ఆపాలి, ఆపిన సంగతి అదే రోజు డాక్టర్‌కి తెలియాలి. ఇంట్లో కూర్చుని ఆపడం వేరు, ఆసుపత్రి దారిలో ఆపడం వేరు. మత్తుగా పడుకోవడం, మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం కనబడితే ఉదయం దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

ఒక కేసు ఊహించుకుని మొత్తం చూద్దాం. నలభై ఆరేళ్ల తాపీ మేస్త్రి, 58 కిలోలు, షుగర్ ఉంది, సాయంత్రం కల్లు తాగే అలవాటు. రోజుకి నాలుగు మాత్రలు. నాలుగు వారాలు బాగానే గడిచాయి, దగ్గు తగ్గింది, బరువు కూడా కాస్త పెరిగాడు. ఐదో వారంలో అన్నం ముందు కూర్చుంటే వికారం. గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో మాత్ర కొనుక్కున్నాడు. మూడో రోజుకి వాంతులు. మూత్రం ముదురుగా ఉందని భార్య అంటే, "అది మొదటి నుంచీ అంతే కదా" అన్నాడు. పొద్దున్నే, మాత్రకి ముందు కూడా అలాగే ఉందని ఆవిడ పట్టుబట్టి పీహెచ్‌సీకి తీసుకెళ్లింది.

అక్కడ పరీక్షలో, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము ఎస్‌జీపీటీ 310 వచ్చింది. ఆ ల్యాబ్‌లో పై హద్దు 40. కామెర్లలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్ 3.1. డాక్టర్లు ఇక్కడ పాటించే లెక్క సులువుగానే ఉంటుంది. లక్షణాలు ఉంటే హద్దుకి మూడు రెట్లు దాటగానే, లక్షణాలేమీ లేకపోతే ఐదు రెట్లు దాటగానే లివర్‌కి హాని చేసే మందులు ఆపుతారు. ఇతనికి ఏడు రెట్లు దాటింది, లక్షణాలూ ఉన్నాయి, కామెర్లూ వచ్చాయి. కాబట్టి అన్నీ ఆపారు. హెపటైటిస్ పరీక్షలు కూడా చేశారు, ఎందుకంటే టీబీ మందులు వాడేవాళ్లకి మామూలు కామెర్లు రాకూడదని లేదు. టీబీ తీవ్రంగా ఉన్నవాళ్లకైతే ఈ మధ్యలో లివర్‌కి హాని చేయని వేరే మందులు నడుపుతారు.

రెండు వారాలకి ఎస్‌జీపీటీ 140కి దిగింది. ఇంకా కాదన్నారు. మూడో వారం 62, అంటే హద్దుకి రెండు రెట్లకన్నా తక్కువ. అప్పుడు మళ్లీ మొదలుపెట్టారు, కానీ పాత కలిపిన మాత్రతో కాదు. అందులో నాలుగూ ఒకేసారి ఒంట్లోకి పోతాయి, ఏది కారణమో తెలియదు. విడి మాత్రలుగా, ముందు ఇతంబ్యుటాల్‌తో రిఫాంపిసిన్, కొన్ని రోజులాగి పరీక్ష చూసి ఐసోనియజిడ్, ఇలా ఒక్కొక్కటే కలిపారు. కామెర్ల దాకా వెళ్లినవాళ్లకి పైరజినమైడ్ మళ్లీ ఇవ్వకుండా కోర్సుని తొమ్మిది నెలలకి పెంచడం మామూలే. ఇతనికీ అదే చేశారు. మూడు నెలలు ఎక్కువ పట్టినా టీబీ మందులు చేజారిపోలేదు.

ఆ మూడు వారాల ఖాళీలోనే మన దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. కామెర్లు అనగానే పసరు పోయించుకోవడం, చేతికి వాత పెట్టించుకోవడం. ఆ ఆకుల పసరులో ఏముంటుందో ఇచ్చేవాళ్లు కూడా చెప్పరు, అప్పటికే దెబ్బతిన్న లివర్ మీద అది ఇంకో బరువు. కళ్ల పసుపు తగ్గితే పసరు వల్లే తగ్గిందనుకుంటారు కానీ, మందులు ఆపినందువల్ల తగ్గే పసుపు పసరు లేకపోయినా తగ్గుతుంది. జ్వరానికి పారాసిటమాల్ కూడా డాక్టర్ చెప్పిన మేరకే వేసుకోవాలి, కల్లూ సారా పూర్తిగా మానాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. వారాల పాటు ఆపేసి, తగ్గిందని మళ్లీ ఇంట్లోనే మాత్రలు మొదలుపెట్టడం టీబీ మొండికెయ్యడానికి మాత్రమే దారి కాదు. రిఫాంపిసిన్‌ని ఆపి ఆపి వాడితే ఒంటికి అది పడకుండా పోయి చలిజ్వరం, రక్తకణాలు పడిపోవడం, అరుదుగా కిడ్నీలు దెబ్బతినడం కూడా జరగొచ్చు. మళ్లీ మొదలుపెట్టడం ఆసుపత్రి పని.

నాలుగో మెట్టు: కాళ్ల తిమ్మిర్లు

మన మేస్త్రికి ఆ తర్వాత ఐసోనియజిడ్ మళ్లీ నడుస్తుండగా అరికాళ్లలో మంటలు మొదలయ్యాయనుకుందాం. ఐసోనియజిడ్ ఒంట్లో బీ6 విటమిన్‌ని పనిచేయనివ్వదు, మూత్రంలో బయటికీ పంపేస్తుంది. నరాలకి ఆ విటమిన్ కావాలి. కొందరి ఒంట్లో ఐసోనియజిడ్ నెమ్మదిగా విరుగుతుంది, వాళ్లకి ఈ ఇబ్బంది ఎక్కువ. మన దేశంలో అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. షుగర్, మద్యం, హెచ్ఐవీ, గర్భం, కిడ్నీ జబ్బు, సరైన తిండి లేకపోవడం ఉంటే ఇంకా ఎక్కువ.

దీనికి ఒక పద్ధతి ఉంటుంది. రెండు పాదాల్లోనూ, వేళ్ల చివర్ల నుంచి మొదలవుతుంది. సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, రాత్రిళ్లు మంట. పట్టించుకోకపోతే మేజోడు తొడిగినంత మేర పైకి పాకుతుంది, తర్వాత చేతి వేళ్లకి వస్తుంది. ఒకే కాలికి, నడుము నుంచి పిక్క దాకా లాగుతుంటే అది బహుశా నడుం సమస్య. చెప్పు జారిపోయినా తెలియకపోవడం, బాత్రూమ్ గచ్చు చల్లదనం కాలికి తగలకపోవడం అంటే స్పర్శ తగ్గుతోందని అర్థం.

దీనికి మందులు ఆపాల్సిన పని సాధారణంగా ఉండదు, కానీ నెలవారీ చెకప్ దాకా వాయిదా వేయకూడదు. రెండు మూడు రోజుల్లో చెప్పండి. ముందు జాగ్రత్తగా ఇచ్చే పైరిడాక్సిన్, అదే బీ6, రోజుకి 10 మిల్లీగ్రాములు. తిమ్మిర్లు వచ్చాక డాక్టర్ దాన్ని 100 మిల్లీగ్రాములకి పెంచుతారు. తొందరగా మొదలుపెడితే కొన్ని వారాల్లో మంటలు తగ్గుతాయి. స్పర్శ పోయేదాకా ఉంటే కోర్సు అయ్యాక కూడా మిగిలిపోవచ్చు.

ఇక్కడ మెడికల్ షాపులో ఇచ్చే బీ-కాంప్లెక్స్‌తో జాగ్రత్త. స్ట్రిప్ వెనక పైరిడాక్సిన్ ఎన్ని మిల్లీగ్రాములో చదవండి, చాలావాటిలో అది తక్కువే ఉంటుంది. అలాగని ఎక్కువైతే మంచిదనుకుని రెండు మూడు రకాలు కలిపి వేసుకోకండి. బీ6 మోతాదు బాగా ఎక్కువై చాలాకాలం నడిస్తే అదే నరాలని పాడుచేస్తుంది.

మేస్త్రి విషయంలో డాక్టర్ ఇంకోటి కూడా చూడాలి: షుగర్. రిఫాంపిసిన్ వల్ల అతని షుగర్ మాత్ర బలం తగ్గి, షుగర్ పెరిగి ఉండొచ్చు. షుగర్ కూడా అచ్చం ఇలాంటి తిమ్మిర్లే తెస్తుంది. కాబట్టి బీ6 పెంచడంతో పాటు షుగర్ పరీక్ష చేయించి, అవసరమైతే మందు మార్చాలి. రోజూ రాత్రి పాదాల కింద పుండ్లున్నాయేమో చూసుకోవాలి, గచ్చు పనిలో స్పర్శ లేని కాలికి దెబ్బ తగిలినా తెలియదు.

ఐదో మెట్టు: చూపు

ఇతంబ్యుటాల్ అరుదుగా కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. రెండు కళ్లతో చూస్తే తేడా తెలియకపోవచ్చు. వారానికోసారి ఒక కన్ను మూసుకుని గోడ మీది క్యాలెండర్‌ని ఎప్పుడూ నిలబడే చోటి నుంచే చూడండి, తర్వాత రెండో కన్ను. అంకెలు మసకగా ఉన్నా, ఎరుపు వెలిసినట్టు కనబడినా, ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోతున్నా ఆ రోజు మాత్ర వేసుకోకుండా అదే రోజు డాక్టర్‌ని కలవండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఈ పని తప్పక చేయాలి. కీళ్ల నొప్పులు పైరజినమైడ్ వల్ల వస్తాయి, మందులు ఆపకుండానే నొప్పి మాత్రతో సర్దుకుంటాయి, వీలు చూసుకుని చెబితే చాలు. ఒళ్లంతా దద్దుర్లతో జ్వరం, నోట్లో పుండ్లు, ముఖం వాపు కలిసి వస్తే మాత్రం లివర్ విషయంలో లాగే మాత్ర ఆపి వెంటనే వెళ్లాలి.

ఆరో మెట్టు: ఎవరికి, ఏమని చెప్పాలి

ఆశా కార్యకర్త, పీహెచ్‌సీ, నగరాల్లో బస్తీ దవాఖానా లేదా పట్టణ ఆరోగ్య కేంద్రం, టీబీ సూపర్‌వైజర్ - వీళ్ల ఫోన్ నంబర్లు మందుల డబ్బా మీదే రాసి పెట్టుకోండి. నిక్షయ్ సంపర్క్ టోల్ ఫ్రీ నంబర్ 1800-11-6666. ప్రైవేటులో వాడుతున్నా ఈ నంబర్‌కి చేయొచ్చు.

"ఒంట్లో బాగోలేదు" అంటే అవతలివాళ్లకి ఏమీ అర్థం కాదు, "సరే రేపు రండి" అంటారు. ఇలా చెప్పి చూడండి:

"అక్కా, మా ఆయనకి టీబీ మందులు మొదలై ఐదు వారాలైంది. నాలుగు మాత్రలు, పొద్దున 8 గంటలకి. మొన్నటి నుంచి అన్నం సహించట్లేదు, నిన్న మూడుసార్లు వాంతయింది. ఇవాళ మాత్ర వేయకముందే మూత్రం ముదురుగా ఉంది. షుగర్ మాత్ర తప్ప వేరే ఏమీ వాడట్లేదు. ఇవాళ మాత్ర వేయలేదు. డాక్టర్ గారు ఎన్ని గంటలకి ఉంటారు?"

ఇందులో ఎన్ని వారాలైంది, ఎన్ని మాత్రలు, ఏది ఎప్పుడు మొదలైంది, వేరే మందులేమున్నాయి, ఇవాళ మాత్ర వేశారా లేదా అన్నవన్నీ ఉన్నాయి. వెళ్లేటప్పుడు మందుల డబ్బా, పాత ఎల్ఎఫ్‌టీ కాగితం, వాడుతున్న మిగతా స్ట్రిప్పులు పట్టుకెళ్లండి. ఆదివారమో పండగో అయి పీహెచ్‌సీలో డాక్టర్ లేకపోతే ఏరియా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లి, లోపలికి అడుగుపెట్టగానే "టీబీ మందులు వాడుతున్నాం" అనే మాటతో మొదలుపెట్టండి. ఆ మాట వినకపోతే వాంతులకి ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపేస్తారు.